ఒక్క చెవికే వినిపిస్తున్నా, లిస్టులోంచి మాయమైనా: ఇయర్‌బడ్స్ ఫ్యాక్టరీ రీసెట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

"రీసెట్ చేశానండీ, అయినా ఒక్కటే కనెక్ట్ అవుతోంది" అని నాతో చాలామంది అంటుంటారు. వాళ్లు చేసింది ఏమిటని అడిగితే దాదాపు ప్రతిసారీ ఒకటే తేలుతుంది: సగం రీసెట్ జరిగింది, మిగతా సగం పాత స్థితిలోనే ఉండిపోయింది. ఈ పేజీలోని ప్రశ్నలు చాలావరకు ఆ మిగిలిపోయిన సగం గురించే.

ఒక్క వైపే వినిపిస్తోంది. వెంటనే రీసెట్ చేసేయాలా?

వద్దు, ముందు ఒక ఐదు నిమిషాలు ఆగండి. రీసెట్ బాగుచేయగలిగింది కనెక్షన్‌ను మాత్రమే. ఛార్జ్ లేని బడ్‌ను, జాలీ మూసుకుపోయిన బడ్‌ను అది ఏమీ చేయలేదు.

మొదట చూడాల్సింది ఛార్జింగ్. రెండు బడ్స్‌నూ కేస్‌లో పెట్టినప్పుడు రెండింటి మీదా లైట్ వెలుగుతోందా? బడ్స్‌కు లైట్లు లేని మోడల్ అయితే, యాప్‌లోగానీ ఫోన్ బ్లూటూత్ పేజీలోగానీ ఎడమ, కుడి బ్యాటరీ శాతాలు విడివిడిగా కనిపిస్తాయేమో చూడండి. పని చేయని వైపు లైట్ వెలగకపోతే అది ఛార్జింగ్ సమస్య. దాని గురించి కింద విడిగా రాశాను.

రెండోది, ఫోన్‌లో ధ్వని ఒక పక్కకు జరిగిపోయి ఉండడం. ఆండ్రాయిడ్‌లో Accessibility సెట్టింగ్స్‌లో, ఐఫోన్‌లో Accessibility లోపల Audio & Visual దగ్గర, ఎడమ కుడి బ్యాలెన్స్ జరిపే గీత ఒకటి ఉంటుంది. పిల్లల చేతిలో ఫోన్ ఉన్నప్పుడు అది పక్కకు జరిగితే రెండు బడ్స్ కనెక్ట్ అయి ఉన్నా ఒక చెవికే వినిపిస్తుంది. గీత నడిమధ్యలో ఉండాలి.

మూడోది, ఆ బడ్ కనెక్ట్ అయ్యే ఉంది, కానీ శబ్దం మరీ సన్నగా వస్తోందంటే గులిమి జాలీకి పట్టేసి ఉంటుంది. ఆరిన మెత్తటి బ్రష్‌తో జాలీని కిందికి ఉంచి తుడవండి. పిన్నీసుతో పొడిస్తే జాలీ చిరుగుతుంది.

ఈ మూడూ బాగానే ఉండి, ఒక బడ్ లైట్ మాత్రం ఆగకుండా మిణుకుమిణుకుమంటూ ఉందంటే అది తన జోడీ కోసం వెతుకుతోందన్నమాట. అప్పుడు రీసెట్ చేయాల్సిందే.

అసలు ఒక బడ్ రెండోదాన్ని ఎందుకు మర్చిపోతుంది?

మనకు ఇయర్‌బడ్స్ అంటే ఒకే వస్తువు. కానీ లోపల అవి రెండు వేర్వేరు బ్లూటూత్ పరికరాలు. ఎడమదానికి ఒక రేడియో, ఒక చిన్న జ్ఞాపకం, కుడిదానికి ఇంకో రేడియో, ఇంకో జ్ఞాపకం. ఫ్యాక్టరీలోనే ఈ రెండింటినీ ఒకదానికొకటి పరిచయం చేసి పంపుతారు. చాలా మోడల్స్‌లో వాటిలో ఒకటి ముందుండి ఫోన్‌తో మాట్లాడుతుంది, రెండోది దాని ద్వారా పాట అందుకుంటుంది. అందుకే ఫోన్ లిస్టులో మనకు ఒక్క పేరే కనిపిస్తుంది.

ఫోన్‌తో పెయిర్ అయినప్పుడు ఫోన్, బడ్స్ కలిసి ఒక రహస్య తాళంచెవిని తయారు చేసుకుని, ఎవరి దగ్గర వాళ్లు దాచుకుంటాయి. మరుసటి రోజు కేస్ తెరవగానే ఏమీ నొక్కకుండానే కనెక్ట్ అయిపోవడానికి కారణం అదే. అంటే ఇక్కడ మూడు జ్ఞాపకాలున్నాయి: ఎడమ బడ్‌ది, కుడి బడ్‌ది, ఫోన్‌ది. ఒప్పందం కాగితం మూడు ప్రతులు తీసి ముగ్గురి దగ్గర పెట్టినట్టు. మూడూ ఒకేలా ఉన్నంతకాలం గొడవ లేదు. ఒక ప్రతి మారితే మిగతా రెండూ దాన్ని ఒప్పుకోవు.

అది ఎలా మారుతుందంటే, ఎక్కువగా చూసేది ఇది: ఒక బడ్ ఛార్జ్ అయిపోయి కేస్‌లో పడి ఉంటుంది. రెండోదాన్ని ఒక్కదాన్నే తీసి కొత్త ఫోన్‌కో, టీవీకో పెయిర్ చేస్తారు. తర్వాత మొదటిది ఛార్జ్ అయి లేచేసరికి దాని దగ్గర పాత సమాచారమే ఉంటుంది. అప్‌డేట్ మధ్యలో కేస్ మూత వేసినా, రీసెట్ చేస్తుండగా ఒక బడ్ కేస్‌లో సరిగా కూర్చోకపోయినా ఇలాగే జరగవచ్చు.

బడ్స్ ఛార్జ్ ఉన్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. ఫోన్ లిస్టులో మాత్రం నల్లపూసైపోయాయి. ఎందుకు?

బ్లూటూత్ పరికరం ఆన్‌లో ఉన్నంత మాత్రాన అందరికీ కనిపించదు. పెయిరింగ్ మోడ్‌లో ఉన్నప్పుడే తన పేరు బయటికి చెబుతుంది. మామూలుగా కేస్ తెరవగానే బడ్స్ చేసే మొదటి పని, తమకు గుర్తున్న పాత పరికరం కోసం వెతకడం. అది దొరికితే వెళ్లి అతుక్కుంటాయి, ఇక కొత్త ఫోన్లకు కనిపించవు.

కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న, ఇవి ఇప్పుడు దేనికి కనెక్ట్ అయి ఉన్నాయి అని. పక్క గదిలో ల్యాప్‌టాప్, హాల్లో స్మార్ట్ టీవీ, అన్నయ్య ఫోన్, డ్రాయర్లో పడేసిన పాత ట్యాబ్. వీటన్నింటిలో బ్లూటూత్ ఆఫ్ చేసి, కేస్ మూసి, కాసేపాగి మళ్లీ తెరవండి. చాలాసార్లు ఇంతటితోనే బడ్స్ లిస్టులోకి వచ్చేస్తాయి. రీసెట్ అవసరమే ఉండదు.

ఇంకో రకం మాయం కావడం ఉంది. మీరు ఫోన్‌లో Forget నొక్కి బడ్స్‌ను తీసేశారు. ఫోన్ మర్చిపోయింది, బడ్స్ మర్చిపోలేదు. కొన్ని మోడల్స్ అలా పాత ఫోన్‌నే పిలుస్తూ కూర్చుంటాయి, పెయిరింగ్ మోడ్‌లోకి తమంతట తాము రావు. అప్పుడు వాటిని చేత్తో పెయిరింగ్ మోడ్‌లో పెట్టాలి, లేదా రీసెట్ చేయాలి.

సరే, రీసెట్ ఏ క్రమంలో చేయాలి?

బటన్ ఎక్కడుందన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, క్రమం మాత్రం దాదాపు అన్నింటికీ ఒకటే. చాలామంది తప్పేది క్రమం దగ్గరే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ముందు కేస్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, రెండు బడ్స్‌నూ అందులో ఉంచి, రెండింటికీ సగానికి పైగా ఛార్జ్ ఎక్కనివ్వండి. ఒకటి నిండుగా, ఒకటి ఆరిపోయే స్థితిలో ఉండగా రీసెట్ చేస్తే మధ్యలో ఒకటి ఆగిపోతుంది. అంటే మళ్లీ సగం రీసెట్టే.

తర్వాత ఫోన్ వైపు. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ బడ్స్ పేరు పక్కన ఉన్న గేర్ గుర్తునో, ఐఫోన్‌లో i గుర్తునో నొక్కి Forget ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో అదే Unpair అని ఉంటుంది. బడ్స్ పేరు రెండుసార్లు కనిపిస్తే రెండూ తీసేయండి. ఆ తర్వాత ఫోన్ బ్లూటూత్ ఆఫ్ చేయండి. ఇంట్లో ఈ బడ్స్ ఎరిగిన మిగతా పరికరాలన్నింటిలో కూడా ఆఫ్ చేయండి. లేకపోతే బడ్స్ రీసెట్ అయి, ఒకదాన్నొకటి గుర్తుపట్టుకునే లోపే ఏదో ఒక ల్యాప్‌టాప్ మధ్యలో దూరుతుంది.

ఇప్పుడు బడ్స్‌ను రీసెట్ చేయండి. రెండూ ఒకేసారి కావాలి. ఒకదాన్ని ఇప్పుడు, ఇంకోదాన్ని పది నిమిషాల తర్వాత చేస్తే లాభం లేదు.

రీసెట్ లైట్ వచ్చాక వెంటనే ఫోన్ అందుకోకండి. బడ్స్‌ను కేస్‌లో పెట్టి మూత వేసి ఓ అర నిమిషం ఉంచి, రెండింటినీ కలిపి బయటికి తీసి, దగ్గర దగ్గరగా పెట్టి చూడండి. లైట్లున్న చాలా చవక మోడల్స్‌లో మొదట రెండూ మిణుకుమంటాయి, కాసేపటికి ఒకటి ఆగిపోయి ఇంకోటి మాత్రమే మిణుకుమంటుంది. రెండూ కలిశాయనడానికి అదే గుర్తు. అప్పుడు మాత్రమే ఫోన్ బ్లూటూత్ ఆన్ చేసి పేరు నొక్కండి. రెండూ మిణుకుమంటూనే ఉండగా నొక్కితే ఒక్కదానికే కనెక్ట్ అవుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

నా మోడల్‌కు రీసెట్ బటన్ ఎక్కడుంటుంది?

ఇది మోడల్ మోడల్‌కూ వేరు. ఒకే కంపెనీలో పక్కపక్క నంబర్లకు కూడా వేరుగా ఉంటుంది. మోడల్ నంబర్ పెట్టె మీద, చాలాసార్లు కేస్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసి కంపెనీ సైట్లో ఆ నంబర్ మాన్యువల్ తెరవండి. వేరే మోడల్ వీడియో చూసి నొక్కితే రీసెట్‌కు బదులు పవర్ ఆఫ్ కావచ్చు, లేదా వాయిస్ అసిస్టెంట్ మొదలవ్వచ్చు.

కేస్ వెనక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్‌కు: రెండూ కేస్‌లో పెట్టి మూత వేసి 30 సెకన్లు ఉంచాలి. ఐఫోన్‌లో Forget This Device చేశాక, మూత తెరిచి వెనక బటన్‌ను సుమారు 15 సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. లైట్ నారింజ రంగులో మెరిసి, తర్వాత తెల్లగా మెరవాలి. తెలుపు ఒక్కటే వచ్చి, నారింజ రాకుండా మీరు వదిలేస్తే అది పెయిరింగ్ మాత్రమే, రీసెట్ కాదు. ఎయిర్‌పాడ్స్ 4లో ఆ బటన్ లేదు, కేస్ ముందు భాగాన్ని రెండేసిసార్లు తట్టే పద్ధతి పెట్టారు.

కేస్‌కు బటన్ ఉన్న ఆండ్రాయిడ్ రకాల్లో చాలావాటికి మూత తెరిచి ఉంచి ఆ బటన్‌ను పది సెకన్లు, ఆపైన నొక్కి పట్టడమే పద్ధతి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, అదే బటన్‌ను కాసేపు నొక్కితే పెయిరింగ్, ఎక్కువసేపు నొక్కితే రీసెట్. లైట్ మెరవడం మొదలవ్వగానే వేలు తీసేస్తే పెయిరింగ్ దగ్గరే ఆగిపోతారు. లైట్ రంగో, మెరిసే తీరో రెండోసారి మారేదాకా పట్టుకోండి.

శాంసంగ్ గెలాక్సీ బడ్స్‌కు Galaxy Wearable యాప్‌లోనే Reset ఉంటుంది. కానీ యాప్‌లోంచి చేసే రీసెట్, బడ్స్ ఫోన్‌కు కనెక్ట్ అయి ఉంటేనే పని చేస్తుంది. ఒక్కటే కనెక్ట్ అయి ఉండగా యాప్‌లో నొక్కితే రెండోదానికి ఆ కబురు అందకపోవచ్చు. కాబట్టి యాప్‌లో రీసెట్ చేసేటప్పుడు మాత్రం ముందే Forget చేయకుండా, రెండు బడ్స్ బ్యాటరీ కనిపిస్తోందా అని చూశాకే నొక్కండి.

కేస్‌కు ఏ బటన్ లేని మిగతా రకాల్లో చాలావాటికి రెండు బడ్స్ మీదా ఉన్న టచ్ చోట్లను ఒకేసారి పట్టుకోవాలి. కొన్నింటికి కేస్‌లో ఉండగా, కొన్నింటికి బయటికి తీశాక. ఆ తేడా మాత్రం మాన్యువల్‌లోనే చూడాలి.

రీసెట్ నిజంగా అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

దీనికి ఒక మంచి పరీక్ష ఉంది. ఇంతకుముందు ఈ బడ్స్‌తో పెయిర్ అయిన ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే, దాంట్లో బ్లూటూత్ ఆన్ చేసి బడ్స్‌ను బయటికి తీయండి. వాటంతట అవే కనెక్ట్ అయ్యాయంటే రీసెట్ కాలేదు, మీరు చేసింది పెయిరింగ్ మాత్రమే. ల్యాప్‌టాప్ లిస్టులో పేరు ఉన్నా కనెక్ట్ కాకుండా మొరాయిస్తే, లేదా ఎర్రర్ చూపిస్తే రీసెట్ అయినట్టే. ఎందుకంటే తాళంచెవి ఇప్పుడు ల్యాప్‌టాప్ దగ్గర మాత్రమే ఉంది, బడ్స్ దగ్గర లేదు. పరీక్ష అయ్యాక ల్యాప్‌టాప్ లిస్టులోంచి ఆ పేరును కూడా తీసేయండి. విండోస్ 11లో Remove device అని ఉంటుంది.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చెబుతారా?

మా పిన్ని కూతురు డిగ్రీ చదువుతోంది. దాని బడ్స్ కేస్‌కు బటన్ లేని, తక్కువ ధర రకం. పగలు ల్యాప్‌టాప్‌లో క్లాసులు, రాత్రి ఫోన్‌లో పాటలు. ఒకరోజు నుంచి కుడి చెవికి ఏమీ రాలేదు. "అక్కా, కుడిది పోయింది, కొత్తవి కొనాలేమో" అంది టెన్షన్‌గా.

కేస్‌లో పెడితే కుడి బడ్ మీద లైట్ రాలేదు. బడ్ అడుగున ఉన్న రెండు చిన్న లోహపు చుక్కల మీద చెమట, క్రీమ్ కలిసి నల్లటి పొర కట్టి ఉంది. కాటన్ బడ్‌కు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి తుడిచాం. కేస్ గుంటలో పైకి కిందికి కదిలే పిన్స్‌ను కూడా అలాగే, మెల్లగా. పూర్తిగా ఆరాక పెడితే లైట్ వచ్చింది. ఓ గంట ఛార్జ్ చేశాం.

ఇప్పుడు కుడిది బతికింది కానీ ఎడమదానితో కలవలేదు. ఫోన్ లిస్టులో ఒకే పేరు రెండుసార్లు కనిపించింది. కుడిది చచ్చి పడి ఉన్న రోజుల్లో ఎడమదాన్ని ఒక్కదాన్నే ఫోన్‌కు మళ్లీ పెయిర్ చేసిందట. కారణం అక్కడుంది.

ఫోన్‌లో రెండు పేర్లూ తీసేయించాను, బ్లూటూత్ ఆఫ్ చేయించాను, ల్యాప్‌టాప్‌లో కూడా. మాన్యువల్ ప్రకారం రెండు బడ్స్ టచ్‌నూ ఒకేసారి పట్టుకుని, లైట్ తీరు మారేదాకా ఉంచింది. కేస్‌లో పెట్టి మూసి, కాసేపాగి తీస్తే రెండూ మిణుకుమని, తర్వాత ఎడమది ఆగి కుడిది మాత్రం మెరుస్తూ ఉండిపోయింది. అప్పుడు ఫోన్ బ్లూటూత్ ఆన్ చేస్తే లిస్టులో ఒక్కటే పేరు. నొక్కితే రెండు చెవులకూ పాట వచ్చింది. ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడి చూడమన్నాను, ఎందుకంటే పాట బాగుండి కాల్‌లో మాత్రం ఒక్క వైపే వచ్చే సందర్భాలూ ఉంటాయి. అదీ బాగానే ఉంది. చివరగా ల్యాప్‌టాప్‌కు కొత్తగా పెయిర్ చేసింది.

ఇందులో ముందు రీసెట్ చేసి తర్వాత పిన్స్ తుడిచి ఉంటే పని జరిగేది కాదు. ఎడమదొక్కటే రీసెట్ అయ్యేది, కుడిది పాత జ్ఞాపకాలతోనే లేచేది.

రీసెట్ చేశాక లిస్టులో రెండు పేర్లు వస్తున్నాయి. ఏది నొక్కాలి?

ఒక పేరు చివర LE అని ఉంటే దాన్ని వదిలేయండి. మామూలుగా అది కంపెనీ యాప్ వాడుకునే దారి, దానికి కనెక్ట్ చేస్తే పాట రాకపోవచ్చు. ఇంకో పేరే నొక్కండి. రెండూ అచ్చంగా ఒకేలా ఉంటే, లేదా ఒకటి L, ఇంకోటి R అని ఉంటే బడ్స్ ఇంకా కలవలేదని అర్థం. ఏదీ నొక్కకుండా కేస్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

రెండుసార్లు క్రమం తప్పకుండా చేశాను. అయినా అదే బడ్ రావడం లేదు. ఇంకేం చూడాలి?

కేస్ పిన్స్. కేస్ బటన్‌తో రీసెట్ చేసే మోడల్స్‌లో ఆ ఆదేశం బడ్‌కు చేరేది ఛార్జింగ్ పిన్స్ ద్వారానే. ఒక పిన్ లోపలికి దిగిపోయి బడ్‌ను తాకకపోతే బడ్‌కు ఛార్జూ అందదు, ఆదేశమూ అందదు. బడ్‌ను గుంటలో వేలితో మెల్లగా అదిమి పట్టుకున్నప్పుడు మాత్రమే లైట్ వస్తోందంటే తప్పు కేస్‌దే. అలా అదిమి పట్టుకునే రీసెట్ చేసి చూడండి. కొత్త బడ్స్ అయితే పిన్స్ మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ ముక్క తీశారో లేదో కూడా చూడండి, మర్చిపోయేవాళ్లు ఎందరో ఉన్నారు.

నెలల తరబడి డ్రాయర్లో ఉన్న బడ్స్ అయితే బ్యాటరీ పూర్తిగా కిందికి దిగిపోయి ఉండవచ్చు. కేస్‌ను కేబుల్‌తో పెట్టి కొన్ని గంటలు ఉంచినా లైట్ రాకపోతే ఆ బడ్ బ్యాటరీ ఇక లేవదు.

తప్పు ఫోన్‌లోనే ఉండవచ్చా?

ఉండవచ్చు. తేల్చుకోవడానికి, రీసెట్ అయిన బడ్స్‌ను ఇంకొకరి ఫోన్‌కు పెయిర్ చేయండి. అక్కడ రెండూ పని చేసి మీ ఫోన్‌లో చేయకపోతే బడ్స్ తప్పు లేదు. ముందు ఫోన్ రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆండ్రాయిడ్‌లో System లోపల Reset options దగ్గర Reset Bluetooth & Wi-Fi అని ఉంటుంది, కొన్ని ఫోన్లలో పేరు కొంచెం వేరుగా ఉంటుంది. అది ఫోటోలను ముట్టుకోదు, కానీ సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లు, మిగతా బ్లూటూత్ పరికరాలు అన్నీ పోతాయి. వైఫై పాస్‌వర్డ్ రాసి పెట్టుకున్నాకే నొక్కండి.

సెట్టింగ్స్ లిస్టులో కనిపిస్తూ, కంపెనీ యాప్‌లో మాత్రం కనిపించకపోతే అది అనుమతి సమస్య. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు Nearby devices అనుమతి ఉండాలి. అంతకంటే పాత ఫోన్లలో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. దీనికి రీసెట్ అక్కర్లేదు.

రీసెట్ చేస్తే ఏమేం పోతాయి?

పెయిర్ చేసిన పరికరాల లిస్టు, మీరు మార్చుకున్న టచ్ సెట్టింగ్స్, ఈక్వలైజర్, పెట్టుకున్న పేరు. అప్‌డేట్ చేసిన సాఫ్ట్‌వేర్ మామూలుగా అలాగే ఉంటుంది. అందుకే అప్‌డేట్ తర్వాత మొదలైన సమస్య రీసెట్‌తో పోవచ్చు, పోకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రీసెట్ చేస్తే పూర్తిగా నావైపోతాయా?

మామూలు బ్లూటూత్ బడ్స్ అయితే అవుతాయి. ఎయిర్‌పాడ్స్ విషయం వేరు. పాత యజమాని తన ఆపిల్ అకౌంట్‌లోని Find My నుంచి తీసేయకపోతే, కొత్త రకాలు ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఆ అకౌంట్‌తోనే ముడిపడి ఉంటాయి. డబ్బులిచ్చే ముందే, అమ్మేవారి ఎదుటే మీ ఫోన్‌కు పెయిర్ చేసి చూసుకోండి.

ఒక బడ్ పారేసుకుని ఒక్కటే కొత్తది తెప్పించాను. కలవడం లేదు.

ముందు అది మీ మోడల్, మీ తరం బడ్డేనా అని చూడండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా తరం మారితే కలవవు. మోడల్ సరైనదే అయితే, రెండూ కేస్‌లో పెట్టి కాసేపు ఛార్జ్ చేసి, పైన చెప్పిన క్రమంలో రెండింటినీ కలిపి రీసెట్ చేయాలి. కొత్తదాన్ని మాత్రమే రీసెట్ చేస్తే పాతది ఇంకా పోయినదాని కోసమే వెతుకుతుంది. అప్పటికీ కలవకపోతే రెండింటి సాఫ్ట్‌వేర్ వేర్వేరుగా ఉండి ఉంటుంది, సర్వీస్ సెంటర్‌లో చూపించాలి. అక్కడికి వెళ్లేటప్పుడు రెండు బడ్స్‌నూ, కేస్‌నూ, బిల్లునూ తీసుకెళ్లండి. పని చేయని బడ్ ఒక్కటే తీసుకెళ్తే తప్పు కేస్ పిన్‌ది అయినా వాళ్లకు తెలిసే దారి ఉండదు.